కాలు లాగే నడుం నొప్పి: ఫిజికల్ థెరపీకి డబ్బు కట్టేముందు

తమ్ముడూ, నడుంలో మొదలైన నొప్పి పిరుదు మీదుగా పిక్క దాకా లాగుతోందని, ఏ ఫిజికల్ థెరపిస్టు దగ్గరికి వెళ్లాలని అడిగావు. అమెరికా వచ్చిన రెండో ఏడు నాకూ ఇదే నొప్పి. చెప్పేవాళ్లు లేక 1400 డాలర్లు పోసి నేర్చుకున్నాను. నువ్వు పోయక్కర్లేదు.

ఇంటికి దగ్గరని ఒక క్లినిక్‌లో చేరాను. ఇన్-నెట్‌వర్క్, అంటే నా ఇన్సూరెన్స్‌తో ఒప్పందం ఉందన్నారు కాబట్టి, విజిట్‌కి మన వంతుగా కట్టే కోపే ఒక్కటే కడితే చాలనుకున్నాను. ఇన్సూరెన్స్ కట్టడం మొదలుపెట్టేలోపు ఏడాదికి మనం పెట్టుకోవాల్సిన మొత్తమే డిడక్టిబుల్; నా ప్లాన్‌లో అది నిండేదాకా అంతా నా జేబులోంచే పోతుందని బిల్లు చూశాకే తెలిసింది. విజిట్‌కి 140 చొప్పున పది విజిట్లు. మొదటిరోజు పది నిమిషాలు మాట్లాడి, బోర్లా పడుకోబెట్టి, వేడి ప్యాక్, కరెంటు ప్యాడ్లు పెట్టారు. తర్వాతా రోజూ అదే. బల్ల మీద హాయిగా ఉండేది, కారెక్కగానే పిక్క మళ్లీ లాగేది. ఇంట్లో ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

తర్వాత ఆఫీసులో ఒకాయన చెబితే ఇంకోచోటికి వెళ్లాను. అక్కడ మొదటి పరీక్షే దాదాపు గంట. మూత్రం సరిగ్గా వస్తోందా, తొడల మధ్య తిమ్మిరి ఉందా అని ముందే అడిగింది అక్కడి థెరపిస్టు. (అవి ఉన్నా, పాదం పైకి లేవకపోయినా థెరపీ కోసం ఆగకు, అదేరోజు ఎమర్జెన్సీకి వెళ్లు.) మోకాలి దగ్గర, మడమ దగ్గర సుత్తితో తట్టింది, బొటనవేలి బలం చూసింది, కాలు నిటారుగా ఎత్తి ఎక్కడ లాగుతోందో రాసుకుంది. ముందుకు, వెనక్కి పదేసిసార్లు వంచి, నొప్పి ఎటు కదులుతోందో గమనించింది. నేను పది నిమిషాలకు మించి కూర్చోలేనన్నది కూడా రాసుకుంది.

బోర్లా పడుకుని చేతులతో ఛాతీ పైకెత్తే వ్యాయామం ఇచ్చింది. నాకు వెనక్కి వంగితే తగ్గింది కాబట్టి అది. నీకు ముందుకు వంగితే తగ్గొచ్చు, నన్ను చూసి చేయకు. వారానికి పిక్కలో లాగడం పోయి నొప్పి నడుంలోకి వచ్చింది, అక్కడ కాస్త పెరిగింది కూడా. భయపడ్డాను. కిందినుంచి పైకి రావడం మంచి గుర్తే, పైనుంచి కిందికి జారితే మాత్రం వెంటనే చెప్పమంది. మూడోవారం అవే పరీక్షలు మళ్లీ చేసింది: అరగంట కూర్చోగలిగాను, కాలు ఇంకా పైకి లేచింది. బల్ల మీది హాయి కాదు, ఈ తేడా చూసుకో. నాలుగైదు వారాలకీ ఏ కొలతా కదలకపోతే డాక్టర్ని కలువు.

ముందు డాక్టర్ రాసిచ్చే రిఫరల్ కావాలా అన్న రూల్స్ నీ ప్లాన్‌లో చూసుకో. ఫోన్‌లో మాత్రం మూడు అడుగు: మొదటి పరీక్ష ఎంతసేపు, ప్రతిసారీ అదే థెరపిస్టు చూస్తారా, నా డిడక్టిబుల్ లెక్కలో విజిట్‌కి ఎంత పడుతుంది. ఇంట్లో రోజూ చేస్తానంటే రెండు వారాలకోసారి వస్తే చాలా అని కూడా అడుగు. నేనలా అడగబట్టే రెండోచోట ఐదు విజిట్లతో సరిపోయింది.