చెక్కు బౌన్స్ గురించి లాయరు పోస్టు రాస్తే ఎక్కడ ఆగాలి?

"కర్నూలులో మూడేళ్లుగా ప్రాక్టీస్ చేస్తున్నాను. చెక్కు బౌన్స్ అయితే ఏం చేయాలో జనానికి అర్థమయ్యే తెలుగులో ఫేస్‌బుక్‌లో రాయాలని ఉంది. మా సీనియర్ గారేమో అది అడ్వర్టైజ్‌మెంట్ కిందికి వస్తుంది, బార్ కౌన్సిల్‌కు ఎవరో ఒకరు ఫిర్యాదు చేస్తారు అంటున్నారు. రాయొచ్చా? రాస్తే ఎంతవరకు?"

రాయొచ్చు. కానీ మీ సీనియర్ గారి భయాన్ని తీసిపారేయకండి, అందులో సగం నిజం ఉంది. నేను ఆదోనిలో పంతొమ్మిదేళ్లుగా ప్రాక్టీస్ చేస్తున్నాను. పత్తి, వేరుశనగ బేరాలు జరిగే ఊరు కాబట్టి నా దగ్గరికి వచ్చేవాటిలో చెక్కు కేసులే ఎక్కువ. పోస్టులు రాయడం మొదలుపెట్టి ఎనిమిదేళ్లయింది. మొదటి ఏడాదిలోనే ఒక పెద్ద తప్పు చేశాను, ఆ సంగతి కిందికి వెళ్లాక చెప్తా, ఎందుకంటే మీ ప్రశ్నకు అసలు జవాబు అందులోనే ఉంది.

ముందు రూలు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో 36వ నియమం ఒకసారి మీరే తీసి చదవండి, ఒక పేరా మాత్రమే. లాయరు నేరుగా గానీ పరోక్షంగా గానీ పని అడగకూడదు, ప్రకటన ఇచ్చుకోకూడదు. సర్క్యులర్లు, బ్రోకర్లు, పరిచయం లేనివాళ్లను వెళ్లి కలవడం, ఇవేవీ కుదరవు. తాను చేస్తున్న కేసు గురించి పత్రికలకు వ్యాఖ్యలు ఇవ్వడం, ఫొటోలు వేయించుకోవడం కూడా అందులోకే వస్తాయి. బోర్డు కూడా మామూలు సైజులో ఉండాలి, ఫలానా రకం కేసుల్లో స్పెషలిస్టునని దాని మీద రాయకూడదు. 2008లో చేసిన సవరణతో వెబ్‌సైటులో పేరు, అడ్రస్, ఫోన్ నంబరు, ఎన్‌రోల్‌మెంట్ నంబరు, చదువు, ఏ రంగాల్లో ప్రాక్టీస్ చేస్తారు అనే వివరాలు పెట్టుకోవడానికి ఒప్పుకున్నారు, అంతకుమించి కాదు. చట్టం గురించి జనానికి చెప్పకూడదని ఆ నియమంలో ఎక్కడా లేదు. చిక్కంతా "పరోక్షంగా" అన్న మాట దగ్గరే. పోస్టంతా చట్టమే రాసి చివర్లో "మీకూ ఇలాంటి సమస్య ఉంటే ఇన్‌బాక్స్‌లో సంప్రదించండి" అని ఒక్క వాక్యం పెట్టారనుకోండి, పైన రాసిందంతా ఆ వాక్యం కోసమే రాసినట్టు అవుతుంది. ఫిర్యాదు వస్తే అడ్వొకేట్స్ చట్టం సెక్షన్ 35 కింద రాష్ట్ర బార్ కౌన్సిల్ క్రమశిక్షణ కమిటీ చూస్తుంది. మందలింపు నుంచి సస్పెన్షన్, రోల్ నుంచి పేరు తీసేయడం దాకా దానికి అధికారం ఉంది. 2024 జూలైలో మద్రాస్ హైకోర్టు లాయర్లను ఆన్‌లైన్‌లో చూపించే వెబ్‌సైట్ల విషయంలో గట్టిగా తీర్పు ఇచ్చాక ఈ విషయంలో బార్ కౌన్సిళ్ల చూపు ఇంకా పదునెక్కింది.

నేను చేసిన తప్పు మాత్రం 36వ నియమానికి సంబంధించింది కాదు. నంబరు పెట్టలేదు, ఇన్‌బాక్స్‌కు రమ్మనలేదు, నా కేసుల గురించి చెప్పలేదు. "చెక్కు బౌన్స్ అయిందా? టెన్షన్ వద్దు. 30 రోజుల్లో నోటీసు ఇవ్వండి, 15 రోజుల్లో మీ డబ్బు వస్తుంది" అని రాశాను. చిన్నగా, బాగుందనిపించేట్టు. చాలామంది షేర్ చేశారు.

నాలుగైదు నెలల తర్వాత పల్లె నుంచి ఒక రైతు వచ్చాడు (ఆయన కేసు ఆయనది, అందుకే గుర్తుపట్టే వివరాలన్నీ మార్చి చెప్తున్నా). పంట అమ్మిన డబ్బుకు వ్యాపారి ఇచ్చిన చెక్కు, రెండున్నర లక్షలు. బౌన్స్ అయింది. ఆయన కొడుకు ఫోన్‌లో నా పోస్టు చూపించాడట. వాళ్లే ఎవరిచేతో నోటీసు రాయించి రిజిస్టర్డ్ పోస్టులో పంపారు, గడువులోనే. తర్వాత ఇంట్లో కూర్చుని డబ్బు కోసం ఎదురుచూశారు. "మీరు రాసిందే చేసినాను సార్, పదహైదు రోజుల్లో వస్తాదని రాసినారు కదా" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. ఏదో తానే సరిగా చేయలేదేమో అన్నట్టు అడిగాడు.

అప్పటికి కోర్టులో ఫిర్యాదు వేయాల్సిన గడువు దాటి రెండు నెలలు పైనే అయింది. నా పోస్టులో నోటీసు ఉంది, 15 రోజులు ఉన్నాయి, కోర్టు లేదు. ఎందుకు లేదంటే, డబ్బు వస్తుందని రాశాక కోర్టు మాట అవసరమనిపించలేదు నాకు. ఫలితం హామీ ఇవ్వకూడదని మనకు చెప్పేది మర్యాద కోసం మాత్రమే అనుకునేవాణ్ని. హామీ ఇస్తే ఆ తర్వాతి అడుగు చదివేవాడి కళ్లకు కనిపించకుండా పోతుందని ఆ రోజు అర్థమైంది.

ఆ రైతుకు దారి పూర్తిగా మూసుకుపోలేదు. ఫిర్యాదు ఆలస్యమైతే సరైన కారణం చూపించి మన్నించమని అడగడానికి చెక్కు కేసులు నడిచే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 142లో వీలుంది, మన్నించాలా వద్దా అన్నది మేజిస్ట్రేట్ ఇష్టం. అదే నోటీసు గడువు దాటి ఉంటే ఆ వీలు కూడా ఉండేది కాదు. ఈ తేడా కూడా పోస్టులో రాయాల్సిందే, చాలామంది రెండు గడువులూ ఒకటే అనుకుంటారు.

అందుకే ఇప్పుడు నేను తేదీలు వేసి రాస్తాను. రోజుల లెక్క ఊరికే "30, 15, 30" అని రాస్తే జనం మూడూ కలిపి 75 రోజులు టైముంది అనుకుంటారు, అది తప్పు. ఒక ఉదాహరణ తీసుకోండి. చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు మెమో మీ చేతికి జూన్ 3న వచ్చింది. జూలై 3లోపు నోటీసు పంపాలి, అందులో చెక్కు మొత్తం ఎంతో అంతే స్పష్టంగా అడగాలి (చేబదులు, వడ్డీ అన్నీ కలిపి ఒకే అంకె వేస్తే నోటీసే చెల్లకుండా పోయే ప్రమాదం ఉంది). మీరు జూన్ 20న పంపారు, అవతలివాళ్లకు 24న అందింది. 15 రోజులు మొదలయ్యేది మీరు పంపిన రోజు నుంచి కాదు, వాళ్లకు అందిన దాన్ని బట్టి, అంటే జూలై 9 దాకా వాళ్లకు టైము. అప్పటికీ కట్టకపోతే జూలై 10న మీకు ఫిర్యాదు చేసే హక్కు పుడుతుంది, అక్కడి నుంచి ఒక నెలలోపు, ఆగస్టు 10 దాటకుండా, కోర్టులో ఫిర్యాదు పడాలి. ఏ కోర్టు అంటే, చెక్కు మీ ఖాతాలో వేశారు కాబట్టి మీ ఖాతా ఉన్న బ్రాంచి ఏ కోర్టు పరిధిలో ఉందో అక్కడ, 2015 సవరణ తర్వాత అదీ లెక్క. అంటే ఆదోని రైతు గుంటూరు వ్యాపారి వెంట గుంటూరుకు తిరగక్కర్లేదు. జనానికి నిజంగా ఉపయోగపడే మాట ఇది, దీన్ని చెప్పడానికి మీరు ఎవరికీ ఏ హామీ ఇవ్వాల్సిన పని లేదు.

ఇక ఫలితం దగ్గరికి వస్తే. "చెక్కు మీద సంతకం ఉంది కదా, కేసు మనదే" అని అందరూ అనుకుంటారు, జూనియర్లు కూడా. సెక్షన్ 139 ప్రకారం ఆ చెక్కు ఏదో బాకీ తీర్చడానికే ఇచ్చారని కోర్టు అనుకుంటుంది, నిజమే. కానీ అవతలివాళ్లు దాన్ని తిప్పికొట్టవచ్చు, అందుకు అనుమానాతీతంగా రుజువు చేయక్కర్లేదు, తాము చెప్పేదే నిజం కావడానికి ఎక్కువ అవకాశం ఉందని చూపిస్తే చాలు. ఖాళీ చెక్కు పూచీగా ఇచ్చాం, బాకీ ఎప్పుడో తీర్చేశాం అంటారు, లేదా అంత డబ్బు అప్పివ్వడానికి ఈయన దగ్గర ఎక్కడిది అంటారు. అప్పుడు మన దగ్గర బిల్లులు, తూకం చీటీలు, బ్యాంకు స్టేట్‌మెంటు ఉన్నాయా అన్నదే కేసు. శిక్ష రెండేళ్ల దాకా, జరిమానా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా ఉండొచ్చు. ఈ "దాకా" అన్న మాట పోస్టులో ఎప్పుడూ మింగకండి. రెట్టింపు వస్తుంది అని రాసిన పోస్టులు బోలెడు చూశాను. 143ఏ కింద కేసు నడుస్తుండగానే 20 శాతం దాకా మధ్యంతర పరిహారం ఇప్పించే అధికారం కోర్టుకు ఉంది, అది కూడా అడిగిన ప్రతివాడికీ వచ్చేది కాదు. కాబట్టి "డబ్బు వస్తుంది" అన్న చోట నేను ఇప్పుడు "డబ్బు రావాలంటే కోర్టు ముందు ఏమేం చూపించాల్సి ఉంటుంది" అని రాస్తాను. పోస్టు కాస్త పొడుగవుతుంది, షేర్లు తగ్గుతాయి, అవి తగ్గినా ఫరవాలేదు.

కామెంట్లలోనే ఎక్కువ జాగ్రత్త పడాలి. పోస్టు శుద్ధంగా రాసి కామెంట్లలో జారిపోయేవాళ్లను చూశాను. "ఫలానా ఆయన నాకు చెక్కు ఇచ్చి మోసం చేశాడు సార్, గెలుస్తామా" అని పేరుతో సహా రాస్తారు. పేరున్న కామెంటు తీసేయమని వెంటనే చెప్పండి, వాళ్లు తీయకపోతే మీరే తీసేయండి, అవతలి మనిషి పరువు సంగతి కూడా ఉంటుంది కదా. గెలుస్తామా అన్నదానికి నేను రాసే జవాబు ఇంచుమించు ఇది: "కాగితాలు చూడకుండా ఎవరూ చెప్పలేరు. మెమో వచ్చిన తేదీ చూసుకోండి, గడువు దగ్గర పడితే ఈ వారమే మీ ఊళ్లో మీకు తెలిసిన లాయరును కలవండి. ఫీజు ఇబ్బందైతే 15100కు ఫోన్ చేయండి, లేదా జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు." నా దగ్గరికి రమ్మని అందులో ఉండదు. ఉచిత సేవ వివరం పెట్టడం వల్ల మీరు రాసేది పని కోసం కాదని చదివేవాళ్లకూ అర్థమవుతుంది, రేపు ఎవరైనా ఫిర్యాదు చేస్తే ఆ కామెంటే మీ తరఫున మాట్లాడుతుంది.

మీ సొంత కేసులను ఉదాహరణగా వాడకండి, గెలిచినవి అసలే వద్దు. తీర్పు కాపీ పట్టుకుని కోర్టు మెట్ల మీద ఫొటో దిగడం 36వ నియమం పేరుపెట్టి వద్దన్న పని. క్లయింటు ఒప్పుకున్నాడు అన్నా సరే, ఆయన ఒప్పుకోలు రహస్యం విషయంలో పనికొస్తుంది గానీ ప్రకటన విషయంలో కాదు. కల్పిత తేదీలతో, కల్పిత మొత్తంతో ఉదాహరణ అల్లుకోండి, ఇది కల్పితం అని పోస్టులోనే రాయండి. పోస్టు పైన రాసిన తేదీ కూడా వేయండి. సవరణ వస్తే పాత పోస్టును దిద్దండి, ఎందుకంటే అది ఎవరి ఫోన్‌లోనో మూడేళ్ల తర్వాత మళ్లీ తేలుతుంది.

పోస్టు పెట్టేముందు నేను మా గుమస్తాకు ఇచ్చి చదవమంటాను. బాగుందా అని అడగను. "నీకే ఈ చెక్కు తిరిగొచ్చింది అనుకో, ఇది చదివి రేపు పొద్దున ఏం చేస్తావు, నోటీసు పోయాక ఏం చేస్తావు?" అని అడుగుతాను. రెండో ప్రశ్నకు "డబ్బు కోసం చూస్తా సార్" అన్నాడంటే ఆ రోజు పోస్టు పెట్టను, మళ్లీ రాస్తాను.