అప్పు తెస్తే కంపెనీ విలువ పెరుగుతుందా?

"మోడిగ్లియానీ, మిల్లర్ సూత్రం ప్రకారం అప్పుతో కంపెనీ విలువ మారదంటారు, మళ్లీ పన్ను ఉంటే మారుతుందంటారు. ఎలా?"

ఏటా 100 కోట్లు సంపాదించే, అప్పులేని కంపెనీ నుంచి మదుపరులు 10% రాబడి కోరితే దాని విలువ 1,000 కోట్లు. 6% వడ్డీకి 500 కోట్లు తెచ్చి సగం షేర్లు వెనక్కి కొనేసిందనుకోండి, వడ్డీ 30 కోట్లు పోగా మిగిలిన 70 కోట్లు 500 కోట్ల వాటాకి దక్కుతాయి, అంటే 14%. లాభంలా కనిపిస్తుంది కానీ, పెరిగిన రిస్క్‌కి వాటాదారులు అడిగే రేటూ అదే. చాలామంది తడబడేది ఇక్కడే. మొత్తం విలువ మాత్రం 1,000 కోట్లే.

ఇప్పుడు 25% పన్ను వేయండి. అప్పు లేకపోతే మిగిలేది 75 కోట్లు, విలువ 750 కోట్లు. అదే 500 కోట్ల అప్పుంటే 30 కోట్ల వడ్డీకి పన్ను మినహాయింపు వల్ల ఏటా 7.5 కోట్లు ఆదా. ఆ అప్పు శాశ్వతమైతే ఈ ఆదాని 6%తో భాగించండి, 125 కోట్లు. విలువ 875 కోట్లవుతుంది. ఈ లెక్కలో దివాలా ఖర్చులు లేవు, నిజంలో అవి ఉంటాయి, అందుకే ఎవరూ మొత్తం అప్పుతో నడపరు.