ఫారం 19 కనబడకపోతే

చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీలో మార్చి 18న పని మానేశాను. పీఎఫ్ క్లెయిమ్‌లో బ్యాంకు ఖాతా నంబరు వెరిఫై అయింది గానీ, మొత్తం సొమ్ము తీసుకునే ఫారం 19 రాకుండా ఫారం 31 ఒక్కటే వస్తోంది. ఎందుకు?

మీ యజమాని మానేసిన తేదీ ఎక్కించి ఉండరండీ. రికార్డులో మీరింకా ఉద్యోగంలోనే ఉన్నట్టు లెక్క. అందుకే అడ్వాన్సు ఫారమే చూపిస్తోంది. దాంట్లో ఏదో ఒక కారణం ఎంచుకుని నెట్టుకురావద్దు.

ముందు పీఎఫ్ పోర్టల్ View మెనూలో Service History చూడండి, మానేసిన తేదీ ఉండాల్సిన DOE గడి ఖాళీగా ఉంటుంది. యజమాని చుట్టూ తిరగక్కర్లేదు. మానేసి రెండు నెలలు దాటాక Manage మెనూలో Mark Exit నొక్కి, తేదీ, కారణం మీరే ఇచ్చి ఆధార్ ఓటీపీతో పూర్తిచేయొచ్చు. చివరి చందా మార్చిదైతే తేదీ ఆ నెలలోదే ఉండాలి. ఒకసారి పడ్డాక మార్చుకోవడం తేలిక కాదు, కాబట్టి రిలీవింగ్ లెటర్ పక్కన పెట్టుకోండి. తర్వాత మళ్లీ క్లెయిమ్ తెరిచి ఫారం 19 వచ్చిందేమో చూడండి.