బ్యాటరీ మార్చాక సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగడం లేదా?

ప్రశ్న: నాది పెట్రోల్ కారు, చేతి గేర్లు. సిగ్నల్ దగ్గర ఇంజిన్ తనంతట తాను ఆగిపోయి, క్లచ్ తొక్కగానే మళ్లీ నడిచేది. వేసవిలో బ్యాటరీ మార్పించాను. అప్పటి నుంచి ఆగడమే లేదు. మెకానిక్ అయితే ‘ఇంజిన్ ఆగకుండా చేసే బటన్ నొక్కి వదిలేయండి, మామూలు బ్యాటరీ చాలు’ అంటున్నారు. నిజమేనా? – ఒక పాఠకుడు, నయీంనగర్, హనుమకొండ

జవాబు: ముందు బానెట్ ఎత్తి కొత్త బ్యాటరీ మీది లేబుల్ చదవండి. ఇలా ఆగి నడిచే కార్ల కోసం చేసే బ్యాటరీల మీద ఈఎఫ్‌బీ అని గానీ, ఏజీఎం అని గానీ ఉంటుంది. అది లేకపోతే మీకు వేసింది మామూలు బ్యాటరీ. అనుమానించాల్సింది మొదట దాన్నే.

మాటిమాటికీ స్టార్ట్ చేయడం వల్లే బ్యాటరీ అరిగిపోతుందని చాలామంది అనుకుంటారు. లెక్క వేస్తే అసలు భారం మరోచోట కనిపిస్తుంది. వేడెక్కిన ఇంజిన్‌ను తిప్పడానికి స్టార్టర్ మోటారు 300 ఆంపియర్లు లాగినా, అది అర సెకను పనే. హనుమకొండ చౌరస్తాలో రాత్రిపూట ఒక నిమిషం ఆగారనుకుందాం. ఇంజిన్ ఆగితే బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్ కూడా ఆగుతుంది. హెడ్‌లైట్లు, బ్లోయర్, పాటలు, కారులోని కంప్యూటర్లు అన్నీ కలిసి 30 ఆంపియర్లు తీసుకున్నా, ఆ నిమిషంలో ఖర్చయ్యేది స్టార్టింగ్‌కు పట్టినదానికి 12 రెట్లు! కాజీపేట దాకా వెళ్లేలోపు అలాంటివి ఎనిమిది ఆగడాలు వస్తే, 45 ఆంపియర్ అవర్ బ్యాటరీలో దాదాపు పదో వంతు పోతుంది. పావుగంట ప్రయాణంలో అదంతా తిరిగి నిండదు.

మామూలు బ్యాటరీ ఒక్కసారి గట్టిగా కరెంటు ఇచ్చి, వెంటనే నిండిపోయి, ఆ తర్వాత నిండుగానే ఉండేలా తయారైనది. రోజూ సగం సగం నిండి ఉంటే పలకల మీద సీసపు సల్ఫేట్ గట్టిపడి, ఛార్జింగ్ పట్టదు. ఈఎఫ్‌బీలో పాజిటివ్ పలక మీది పదార్థం రాలిపోకుండా సన్నని బట్ట లాంటి పొర ఉంటుంది, ఛార్జింగ్ త్వరగా పట్టేలా నెగెటివ్ పలకలో కార్బన్ కలుపుతారు. ఏజీఎంలో ఆసిడ్ గాజు పీచు పొరల్లో ఇంకి ఉంటుంది. అది ఇంకా మన్నికైనది, కానీ ఖరీదు ఎక్కువ, ఇంజిన్ పక్కన వేడికి ఓర్చుకోవడం తక్కువ. మీ కారుతో కంపెనీ ఏది ఇచ్చిందో అదే వేయించండి. ఏజీఎం వచ్చిన కారుకు ఈఎఫ్‌బీ వేయడం కూడా సరికాదు.

బ్యాటరీ సరైనదే అయితే, నెగెటివ్ టెర్మినల్ చూడండి. క్లాంపు మీద సన్నని వైర్లున్న చిన్న నల్ల పెట్టె ఉంటుంది. వచ్చే కరెంటును, పోయే కరెంటును, వోల్టేజీని, వేడిని కొలిచి, ‘మళ్లీ స్టార్ట్ చేయడానికి సరిపడా ఛార్జింగ్ ఉంది’ అని కంప్యూటర్‌కు చెప్పేది ఈ సెన్సరే. ఆ భరోసా లేకపోతే కంప్యూటర్ ఇంజిన్‌ను ఆపదు. బ్యాటరీ మార్చేటప్పుడు దాని ప్లగ్ పెట్టడం మరిచిపోతే ఇదే జరుగుతుంది. హారన్, యాంప్లిఫయర్ లాంటివి బిగించినవారు ఎర్త్ వైరును నేరుగా బ్యాటరీ టెర్మినల్‌కు కలిపినా అంతే. ఆ కరెంటు సెన్సర్ లెక్కలోకి రాదు. ఎర్త్‌ను బాడీకి కలపాలి. కొన్ని కార్లలో కొత్త బ్యాటరీ వేసిన సంగతిని స్కానర్‌తో నమోదు చేయాలి కూడా. లేకపోతే కంప్యూటర్ ఇంకా పాత బ్యాటరీ ఉందనే అనుకుంటుంది.

స్టార్టర్ మోటారు గురించి మీరు బెంగపడనక్కర లేదు. ఈ కార్లకు బ్రష్‌లు, బేరింగులు గట్టివి వేసి, సాధారణ మోటారుకంటే ఎన్నో రెట్లు ఎక్కువసార్లు తిరిగేలా తయారు చేస్తారు. కానీ అది చెడిపోయినప్పుడు చౌకగా వస్తుందని మామూలు మోటారు బిగించుకోకండి.

ఇక మీ మెకానిక్ మాట. బటన్ నొక్కితే ఇంజిన్ ఆగదన్నది నిజమే. అయితే చాలా కార్లలో తాళం తీసి వేయగానే ఆ బటన్ మొదటికొస్తుంది, ప్రతిసారీ నొక్కాలి. పైగా ఇలాంటి కార్లలో చాలావాటికి ఆల్టర్నేటర్ బ్యాటరీని ఎప్పుడూ పూర్తిగా నింపదు. బ్రేకు వేసినప్పుడు వచ్చే కరెంటుకు కొంత చోటు ఖాళీ ఉంచుతుంది. అంటే బటన్ నొక్కి ఉంచినా మామూలు బ్యాటరీకి కష్టమే. అందుకే ఆ సలహాతో నేను ఏకీభవించను.

ఒక్క విషయం మాత్రం లోపంగా భావించకండి. ఏసీ కంప్రెసర్‌ను తిప్పేది ఇంజినే కాబట్టి, మన వరంగల్ మే నెల ఎండలో లోపల చల్లబడేదాకా చాలా కార్లు ఇంజిన్‌ను ఆపవు. ఏసీ కట్టేసి, ఇంజిన్ వేడెక్కాక, న్యూట్రల్‌లో పెట్టి క్లచ్ పూర్తిగా వదిలి పరీక్షించండి. అప్పటికీ ఆగకపోతే రాత్రంతా కారు కదపకుండా ఉంచి, పొద్దున్నే స్టార్ట్ చేయకముందు మల్టీమీటర్‌తో బ్యాటరీ వోల్టేజీ చూడండి. 12.6 దగ్గర ఉంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టే, సెన్సర్ సంగతి చూపించండి. 12.2 చూపిస్తే సగమే ఉంది. బయటి ఛార్జర్‌తో పూర్తిగా నింపించి, మర్నాడు మళ్లీ కొలవండి. రాత్రికి రాత్రే మళ్లీ పడిపోతే, దాన్ని వారంటీ కార్డుతో సహా కొన్న దుకాణానికే తీసుకెళ్లండి.