గంటలు అడుగు, అభిప్రాయం తర్వాత అడగొచ్చు

తమ్ముడూ,

నువ్వు పంపిన ప్రశ్నావళి చదివాను. మండలంలో అరవై మంది టీచర్ల పనిభారం గురించి ఇరవై ఎనిమిది ప్రశ్నలు రాశావు. అన్నీ చూడక్కర్లేదు. నాలుగో ప్రశ్న ఒక్కటి సరిచేస్తే మిగతావాటి సంగతి నీకే తెలుస్తుంది.

"బోధన, బోధనేతర పనుల వల్ల నాకు తగినంత సమయం దొరకడం లేదు. అంగీకరిస్తాను / అంగీకరించను." ఇదీ నీ ప్రశ్న. దేవరకొండ వైపు తండాలో ఏకోపాధ్యాయ పాఠశాల నడిపే టీచరమ్మ దీన్ని చదువుతోందనుకో. పాఠాలతో ఆమెకు ఇబ్బంది లేదు, రికార్డులతోనే తంటా. మరి అంగీకరించాలా, వద్దా? పైగా "దొరకడం లేదు" అన్నదానికి "అంగీకరించను" అంటే దొరుకుతోందనా? మన భాషలో కాదు మీద కాదు పడితే ఎంత చదువుకున్నవాళ్లయినా ఒక్క క్షణం ఆగుతారు. ఆ తర్వాత ఏదో ఒకదానికి టిక్ పెట్టేస్తారు.

అందుకే ముందు జరిగినదాన్ని అడుగు. "పోయిన వారం (సోమవారం నుంచి శనివారం వరకు) ఈ కింది ఒక్కో పనికి సుమారు ఎన్ని గంటలు పట్టింది?" అని రాసి, పనులను విడివిడి గళ్లలో పెట్టు: తరగతి బోధన, పాఠానికి తయారవడం, నోటుపుస్తకాలు దిద్దడం, మధ్యాహ్న భోజనం చూసుకోవడం, రిజిస్టర్లు, ఫోన్‌లో ఆన్‌లైన్ ఎంట్రీలు, మీటింగులు. "ఈ నెలలో" అని అడిగితే గుర్తున్నది రాయరు, అనిపించింది రాస్తారు. పరీక్షల వారం, సర్వే డ్యూటీ వారం ఎంచుకోకు. 2024 నవంబరులో ఇంటింటి కుటుంబ సర్వేకు టీచర్లను పంపినప్పుడు ఈ ఫారం ఇచ్చి ఉంటే, మామూలు రోజుల సంగతి ఒక్కటీ తెలిసేది కాదు. అట్లాంటి డ్యూటీలకు "ఈ విద్యాసంవత్సరంలో ఎన్ని రోజులు?" అని వేరే ప్రశ్న పెట్టు.

గళ్ల కింద మొత్తం వేయించు. విద్యాహక్కు చట్టం షెడ్యూలులో టీచరుకు వారానికి 45 గంటలని ఉంది, పాఠానికి తయారయ్యే సమయం కూడా అందులోదే. ఎవరికైనా మొత్తం 90 వచ్చిందంటే నిజంగా అంత పనైనా ఉండాలి, లేదా ఒకే గంటను రెండు గళ్లలో రాసైనా ఉండాలి. ఏది నిజమో, అసలు సర్వేకు ముందు కొద్దిమందితో చేసే పైలట్‌లో తేల్చుకో.

ఇక భారం ఎంత అనిపిస్తోందన్నది. దానికి స్కేలు వాడు కానీ "అంగీకారం" స్కేలు వద్దు. "రికార్డుల పని మీకు ఎంత భారంగా ఉంది?" అని అడిగి అస్సలు లేదు, కొద్దిగా, ఒక మోస్తరుగా, బాగా, చాలా ఎక్కువగా అని అయిదింటికీ మాటలు రాయి. ఊరికే 1 నుంచి 5 అంకెలు పెడితే ఏ చివర ఎక్కువో తికమకపడి తలకిందులుగా టిక్ పెట్టేవాళ్లు ఉంటారు. "తరచుగా", "అప్పుడప్పుడు" కూడా వద్దు. ఒకరి తరచుగా ఇంకొకరికి అప్పుడప్పుడు. "ఇంటికి పని తీసుకెళ్లిన రోజులు: 0, 1–2, 3–4, 5–6" అంటే పేచీ లేదు.

పైలట్‌కు ముందు ఆరుగురు చాలు. ఒకరు ఏకోపాధ్యాయ బడిలో ఎస్జీటీ, ఒకరు హైస్కూల్ గణితం, ఒకరు హెచ్.ఎం., ఒకరు నల్లగొండ నుంచి రోజూ అప్ అండ్ డౌన్ చేసేవాళ్లు, అట్లా రకరకాలుగా చూసుకో. అరవై మంది లెక్కలో వీళ్లను కలపకు. పక్కన కూర్చొని, ఏం ఆలోచిస్తున్నారో పైకి చెబుతూ నింపమను. పెన్ను ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టుకో. "ఈ ఆరు గంటలు ఎట్లా లెక్కేశారు?" అని అడుగు. నేను అట్లా అడిగినప్పుడు ఒకామె భోజన సమయాన్ని బోధనలో వేసింది, పిల్లలతోనే కదా ఉన్నానని. ఇంకొకాయన దాన్ని బోధనేతరంలో వేశాడు. ఇద్దరిదీ న్యాయమే, తప్పు నా ప్రశ్నది. భోజనానికి వేరే గడి వచ్చింది అప్పుడే.

సరిచేశాక మరో పది మందికి ఒంటరిగా నింపమని ఇచ్చి టైం చూడు. పన్నెండు నిమిషాలు దాటితే ప్రశ్నలు తీసెయ్. నలుగురైదుగురు ఒకే గడి ఖాళీ వదిలినా, అందరూ ఒకే జవాబు రాసినా, ఆ ప్రశ్న పనికిరావడం లేదనుకో.

ఒక పొరపాటు నేను చేశాను, నువ్వు చేయకు. స్కూల్ కాంప్లెక్స్ మీటింగులో ఫారాలు పంచాను. పక్కనే హెచ్.ఎం. కూర్చున్నాడు. ముప్పై ఫారాల్లోనూ రికార్డుల భారం "కొద్దిగా" అనే వచ్చింది! బయట టీ కొట్టు దగ్గర అదే మనుషులు గంటసేపు తిట్టారు. కవర్లో పెట్టి ఇవ్వు, అతికించి వెనక్కి ఇమ్మను. ఊరు, హోదా, సబ్జెక్టు, ఆడా మగా నాలుగూ కలిపి అడిగితే పేరు రాయకపోయినా మనిషి దొరికిపోతుంది. బడి ఏకోపాధ్యాయదా కాదా, ప్రాథమికమా ఉన్నతమా, ఈ రెండూ చాలు. ఫలితాలు రాసేటప్పుడు కూడా "ఏడుగురిలో అయిదుగురు" అను, 71 శాతం అనకు.

ఆరుగురితో కూర్చున్నాక, వాళ్లు మార్జిన్లలో గీసినవి చెరపకుండా ఆ ఫారాలే నాకు పంపు. టైపు చేసిన కాపీ వద్దు.

నీ అన్న