ఛాతీనొప్పి ఫోన్ కాల్‌కు మొదటి ప్రశ్న

ఛాతీనొప్పి, ఆయాసం అంటూ ఫోన్ వస్తే రిసెప్షనిస్టు మొదట ఏం అడగాలి?

"ఇప్పుడు కూడా ఉందా?" అని అడగాలి, ఉందంటే అపాయింట్‌మెంట్ మాటెత్తకుండా చిరునామా, ఫోన్ నంబరు రాసుకుని వెంటనే అంబులెన్స్ పిలిపించాలి. తగ్గిపోయిందన్నా అప్పటికప్పుడే డాక్టరుకు చెప్పాలి. అది గుండెపోటైతే, రక్తం అందని ప్రతి నిమిషం గుండె కండరం దెబ్బతింటుంది. మాట్లాడుతూనే మనిషి పడిపోవచ్చు కూడా, అందుకే లైను హోల్డ్‌లో పెట్టకూడదు.

"గుండెల మీద బరువుగా ఉంది, గ్యాస్ అనుకుంటా, సాయంత్రానికి పేరు రాసుకోండి" అంటారు ఒకరు. "గ్యాసో కాదో ఫోన్లో చెప్పలేమండి. కదలకుండా కూర్చోండి, బండి తీయకండి. పక్కన ఎవరున్నారు? తలుపు గడియ తీసి ఉంచమనండి" అనాలి.

గుండెపోటంటే ఎడమవైపు భరించలేని నొప్పే అనుకోవడం పొరపాటు. ముఖ్యంగా ఆడవాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో ఒక్కోసారి ఆయాసం, చెమటలు, దవడ నొప్పి మాత్రమే ఉంటాయి.