మూడు ఫొటోల్లో పార్లర్‌కు ఏది తీసుకెళ్లాలి?

‘మేడమ్, మాది కడప. నాకు 26 ఏళ్లు. గుండ్రటి మొగం, ఉంగరాల జుట్టు. రెండేళ్ల కిందట, పెళ్లయిన కొత్తలో, ఫోన్లో ఒక ఫొటో చూపించి గడ్డం దాకా బాబ్ కట్ చేయించుకుంటే అంతా పైకి లేచి గొడుగులా నిలబడింది. “బంగారట్లా జడ కోపిచ్చుకుని వచ్చింది” అని మా అత్త ఇప్పటికీ దెప్తాంది. మా ఆయన నవ్వి ఊరుకుంటాడు. ఇప్పుడు భుజాలు దాటి పెరిగింది. శ్రావణంలో ఆడబిడ్డ పెళ్లి. మూడు ఫొటోలు దాచుకున్నా: మళ్లీ ఒక బాబ్, నుదుటి మీద పడే ముంగురులు, మెడ కింది ఎముక దాకా లేయర్లు. ఏది చూపించేది?’

అమ్మా, మీరు కత్తిరించుకోవడం తప్పు కాదు. కొలతలో దెబ్బతిన్నారు. చెవి పక్కన ఒక పాయ తీసి, వదిలేసినప్పుడు ఎంతుందో, వేళ్లతో సాగదీస్తే ఎంతుందో టేపు పెట్టి చూడండి. సాగదీస్తే పది అంగుళాలున్న పాయ వదలగానే ఏడుకు వస్తోందనుకోండి. తడి జుట్టును దువ్వెనతో లాగి గడ్డం దగ్గర కత్తిరిస్తే ఆరాక అది అదే లెక్కన, పొడుగులో పదింట మూడు వంతులు, పైకి ఎక్కి కూర్చుంటుంది. మీకు జరిగింది ఇదే అయ్యుంటుంది.

చాలామంది ముందు మొగం ఆకారం చూసుకుని ఫొటో ఎంచుకుంటారు. నేను దాన్ని చివరికి పెడతాను. పాపిట పక్కకు జరిపో, ముందు పాయ పొడుగుంచో మొగానికి తగ్గట్టు సర్దగలరు. జుట్టు తీరును కత్తెర మార్చలేదు. అందుకే మూడింటికీ మార్కులు వేసి కూడొద్దు. జుట్టు దగ్గర తప్పిన ఫొటో మొగానికి ఎంత నప్పినా పక్కన పెట్టేయాల్సిందే.

మీ జుట్టు అసలు తీరు తెలియాలంటే తలస్నానం చేసి, నూనె, కండిషనర్ ఏవీ రాయకుండా, దువ్వకుండా ఆరనిచ్చి ఫొటో తీసుకోండి. తర్వాత పోనీ కట్టి దాని చుట్టుకొలత చూడండి. రెండు అంగుళాల లోపైతే పలుచన, నాలుగు దాటితే దట్టం. ఇప్పుడు బాబ్ ఫొటో తెరవండి. కొసలన్నీ ఒకే వైపుకు, ఒకే వంపు తిరిగి ఉన్నాయా? అయితే అది డ్రయ్యర్, బ్రష్ చేసిన పని. మీకు రోజూ అరగంట పట్టే పని. పైగా గడ్డం దగ్గర ఆగే ఉంగరాలు బుగ్గల పక్కన పేరుకుని గుండ్రటి మొగాన్ని ఇంకా వెడల్పు చేస్తాయి. అది రెండు చోట్లా తప్పింది.

ముంగురుల ఫొటో అందంగానే ఉంటుంది, నాకూ ఇష్టమే. కానీ జుట్టు నెలకు దాదాపు అర అంగుళం పెరుగుతుంది కాబట్టి మూడు నాలుగు వారాలకొకసారి సరిచేయించుకోకపోతే కళ్లలో పడతాయి. కడప ఎండలో నుదుటి చెమటకు అవి అతుక్కుపోతాయి, ఉంగరాలు కాబట్టి తేమకు ముడుచుకుని పైకి ఎక్కుతాయి. మీ బకెట్ అంచున తెల్లగా ఉప్పు పేరుకుంటుంటే మీది గట్టి బోరునీళ్లే. ఆ నీళ్లతో కడిగితే జుట్టు గరుకెక్కుతుంది, పొట్టి ముంగురుల్లో అది ముందు కనిపిస్తుంది.

మిగిలింది మూడోది. ఆ ఫొటోలో అమ్మాయివి కూడా ఉంగరాలేనా, ఆమె జుట్టు మీ అంత దట్టమేనా చూడండి. రెండింటికీ అవుననే జవాబొస్తే అదే తీసుకెళ్లండి. ఇక మొగం సంగతి. జుట్టంతా వెనక్కి కట్టి, ఒక కన్ను మూసి, అద్దంలో కనిపించే మీ మొగం అంచు మీదే సబ్బు ముక్కతో గీయండి. పొడవు, వెడల్పు దాదాపు సమానంగా వచ్చి దవడ వంపు తిరిగితే గుండ్రమే. అప్పుడు మొదటి లేయర్ గడ్డం కిందనే మొదలవ్వాలి. పక్కకు తిప్పిన మొగం ఫొటో వెడల్పు దాస్తుంది. ఎదురుగా ఉన్నదే చూపించండి. లేయర్లకు రెండు మూడు నెలలకొకసారి కొసలు తీయిస్తే చాలు.

పార్లర్‌కు నూనె పెట్టి జడ వేసుకుని వెళ్లకండి, జడ మడతలే ఉంగరాల్లా కనిపిస్తాయి. ఆరబెట్టిన జుట్టుతో వెళ్లి, మీరు తీసుకున్న ఫొటో, లేయర్ల ఫొటో పక్కపక్కన పెట్టి చూపించి, పొడిగానే కత్తిరించమనండి. ముందు రెండు అంగుళాలే తీయించి, ఆగి అద్దం చూసుకోండి. పాత గొడుగు ఫొటో ఉంటే అదీ చూపించి ‘ఇలా వద్దు’ అనండి. పెళ్లికి మూడు వారాల ముందే వెళ్లండి, తేడా వస్తే సరిచేయించుకోవడానికి టైముంటుంది.

మీ అత్త అడిగేది జడే కదా. మెడ ఎముక దాకా ఉన్న జుట్టుకు సవరం పెట్టి పూలజడ వేయొచ్చు. కత్తిరించుకోక ముందే, మీ జుట్టు రంగుకూ ఉంగరాలకూ సరిపోయే సవరం కొనడానికి ఆమెనే వై.వి. స్ట్రీట్‌కు వెంట తీసుకెళ్లండి. ఇక మీ ఆయన నవ్వు సంగతి. ‘అత్త ఆ మాట అన్నప్పుడు నువ్వు నవ్వితే నాకు బాధగా ఉంటుంది’ అని ఇద్దరూ ఒంటరిగా ఉన్నప్పుడు ఒక్కసారి తేటగా చెప్పండి. అది ఆయనకు తెలియకపోయి ఉండొచ్చు.